పసిపిల్లల పక్కనే పెద్దలు: ఒక సంగీత్ సాయంత్రానికి వరుస కట్టిన తీరు

గత మాఘమాసంలో కొంపల్లి దగ్గర ఒక ఫంక్షన్ గార్డెన్‌లో చేసిన సంగీత్ ఇది. అమ్మాయివాళ్లది హబ్సిగూడ, అబ్బాయివాళ్లది కూకట్‌పల్లి. పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం, పైకప్పు లేని పచ్చిక మీద, మూడడుగుల ఎత్తు వేదిక. ఇంటివాళ్లకు నాట్యం నేర్పడం, పాటలు కత్తిరించి కలపడం, ఆ రాత్రి ఎవరి తర్వాత ఎవరు వేదిక ఎక్కాలో నిర్ణయించడం, ఈ మూడూ నా బాధ్యత. మొదటి రెండింటికీ మా ఊళ్లో మంచి గురువులు చాలామంది ఉన్నారు. మూడోదాన్ని మాత్రం ఎక్కువ ఇళ్లలో చివరి రోజు రాత్రి కాగితం మీద పది నిమిషాల్లో తేల్చేస్తారు. సాయంత్రం నిలబడేదీ కూలబడేదీ అక్కడే కాబట్టి, ఈ ఒక్క ఇంటి విషయంలో వరుస ఎలా కట్టానో, ఆ రాత్రి అది ఎక్కడ తప్పిందో వివరంగా రాస్తున్నాను.

పెళ్లికూతురి మేనమామ నాకు ఇచ్చిన జాబితాలో 17 అంశాలున్నాయి. ముందు గణపతి ప్రార్థన, ఆ వెంటనే చిన్నపిల్లలు, తర్వాత వయసు ప్రకారం పైపైకి వెళ్లి, చిట్టచివర అమ్మమ్మ పాట, తాతయ్య పద్యం. కాగితం మీద చూస్తే మెట్లెక్కుతున్నట్టు చక్కగా ఉంది. ఆయన ఉద్దేశం కూడా మంచిదే. "అమ్మా, పెద్దవాళ్లు చివర్లో వస్తే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. అదే ముగింపు అయితే నిండుగా ఉంటుంది" అన్నారు. నేను ఆయన్ని ఒకటే అడిగాను: "అన్నయ్యగారూ, మీ నాన్నగారు రోజూ ఎన్నింటికి భోజనం చేస్తారు?" ఎనిమిదిన్నర అన్నారు. చక్కెర జబ్బు ఉంది, భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మమ్మగారికి 79 ఏళ్లు, కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది, తొమ్మిది దాటితే కూర్చోలేరు. మాఘమాసంలో తొమ్మిది తర్వాత పచ్చిక మీద మంచు దిగుతుంది. జాబితా ప్రకారం వాళ్ల వంతు వచ్చేసరికి ఎంతవుతుందో ఆయన ముందే లెక్క వేశాను.

ఈ లెక్క దగ్గరే దాదాపు అందరూ పొరబడతారు. పాట మూడు నిమిషాలుంటే అంశానికి మూడు నిమిషాలు అనుకుంటారు. నిజానికి వ్యాఖ్యాత పిలవడానికి అర నిమిషం, పిలిచినవాళ్లు కుర్చీల మధ్య నుంచి వచ్చి మెట్లెక్కి తమ స్థానాల్లో నిలబడటానికి మరో అర నిమిషం, అయ్యాక చప్పట్లు, ఫొటోలు, దిగడం మరో నిమిషం. మూడు నిమిషాల పాట వేదిక మీద ఐదు నిమిషాలు తింటుంది. 17 అంశాలకు 85 నిమిషాలు. దానికి విదేశాల్లో ఉన్న బంధువులు పంపిన వీడియో, వధూవరులతో ఆడించే ప్రశ్నల ఆట, మధ్యలో భోజనాల విరామం కలిపితే రెండున్నర గంటలు. కార్డు మీద ఏడు గంటలని వేసినా హైదరాబాదులో సంగీత్ ఏడుంబావుకు ముందు మొదలవడం నేను చూడలేదు, ఎక్కువసార్లు ఏడున్నర దాటుతుంది. అంటే అమ్మమ్మగారి పాట పది గంటల వేళకు.

ఆ పది గంటలు మరో రకంగా కూడా గట్టి గోడ. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసి ఉన్న హాలుకు, లోపలివాళ్లకు మాత్రమే వినిపించే ధ్వనికి ఆ నియమంలో మినహాయింపు ఉంది, పచ్చిక మీద చేసే సంగీత్‌కు లేదు. గార్డెన్ యాజమాన్యం మాకు ముందే చెప్పింది, పది కొట్టగానే సౌండ్ ఆపేస్తామని. చివర పెట్టిన అంశం కోతకు మొదట బలయ్యేది ఇలాంటి చోటే. కొన్నేళ్ల క్రితం మరో పెళ్లిలో, నేను ఇంటివాళ్ల మాట కాదనలేక తాతయ్యగారిని చివర పెట్టాను. పట్టుపంచె కట్టుకుని పదింబావు దాకా మొదటి వరుసలో కూర్చున్నారు. సౌండ్ ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు, కర్ర తీసుకుని కారు వైపు నడిచారు. ఆ తప్పు నాదే. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ పెద్దలను చివర పెట్టలేదు.

మేనమామగారికి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. అప్పుడు నా ప్రతిపాదన చెప్పాను. నాలుగేళ్ల పిల్లకూ ఎనభై ఏళ్ల తాతయ్యకూ మధ్య వయసులో ఎంత దూరం ఉన్నా, సాయంత్రం పూట వాళ్లిద్దరి వేళలు ఒకటే. ఇద్దరూ ఎనిమిదిన్నరకు తినాలి, తొమ్మిదికి పడుకోవాలి, ఇద్దరికీ ఎక్కువసేపు ఎదురుచూసే ఓపిక ఉండదు. మధ్య వయసువాళ్లు, కుర్రకారు ఎంత ఆలస్యమైనా తట్టుకుంటారు. కాబట్టి పిల్లలనూ పెద్దలనూ వరుసకు రెండు కొసల్లో కాక పక్కపక్కనే, మొదటి గంటలో పెట్టాలి. వాళ్లవన్నీ భోజనాలకు ముందే అయిపోవాలి.

"మరి ముగింపు?" అన్నారాయన. ముగింపుకు అందరూ కలిసి ఆడే పాట చాలు, దానికి వరుస అక్కర్లేదని చెప్పాను. ఒక పూట ఆలోచించి ఒప్పుకున్నారు. అంశాలను 17 నుంచి 12కు తగ్గించడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. ఉదాహరణకు, వదిన వరసవాళ్లవి రెండు విడి పాటలు ఒకటిగా కలిపాం, స్నేహితుల నాలుగు పాటలు రెండయ్యాయి. ఎవరి అంశాన్నీ తీసేయలేదు, కలిపాం. తీసేస్తే మాటలొస్తాయి, కలిపితే రావు.

ఇక ఒక్కొక్కటిగా చెబుతాను. ముందు పిల్లలు. మూడున్నర ఏళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఆరుగురు. నలుగురు అమ్మాయి తరఫు, ఇద్దరు అబ్బాయి తరఫు. వాళ్ల పాట ఒక నిమిషం నలభై సెకన్లు, అంతకు మించి ఒక్క సెకను కూడా వద్దన్నాను. ఆ వయసు పిల్లలు రెండో నిమిషంలోకి వచ్చేసరికి అమ్మ ఎక్కడుందో వెతకడం మొదలుపెడతారు. అడుగులు ఐదే ఐదు, అవే మళ్లీ మళ్లీ. వాళ్లకు అడుగులు గుర్తుంటాయని నేను ఎప్పుడూ అనుకోను. వేదిక ముందు నేల మీద, ప్రేక్షకులకు అడ్డం రాకుండా మా అమ్మాయి ఒకరు కూర్చుని అద్దంలా చేసి చూపిస్తుంది. పిల్లల కుడి చేతికి ఆమె ఎడమ చేయి. సాధనలో నేర్పింది ప్రధానంగా ఆమెను చూడటమే. ఒక్కో సాధన 25 నిమిషాలు, ఐదు ఆదివారాలు.

మూడున్నర ఏళ్ల పాపను వరుసలో లెక్కపెట్టలేదు. అంటే ఆమె లేకపోయినా ఖాళీ కనిపించకుండా మిగతా ఐదుగురి స్థానాలు వేశాను. ఆమె వస్తే మధ్యలో నిలబడుతుంది, రాకపోతే ఎవరికీ తెలియదు. నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో ఇది తప్పనిసరి. లేకపోతే సరిగ్గా వేళకు పాప ఏడిస్తే తల్లి వేదిక పక్కన నిలబడి బతిమాలుతూ ఉంటుంది, పాట అయిపోతుంది. వేదిక మీద చల్లని నిప్పురవ్వలు చిమ్మే యంత్రాన్ని, కాగితపు ముక్కలు పేల్చే గొట్టాన్ని పిల్లల పాట అయ్యేవరకు ముట్టుకోవద్దని డీజేకు రాసిచ్చాను. ఆ చప్పుడుకు ఒకరు జడిస్తే ఆరుగురూ దిగిపోతారు.

పిల్లలను మొట్టమొదటి అంశంగా పెట్టడం కూడా తప్పే. ఎనిమిదిలోపు కావాలి, కానీ మొదటిది కాకూడదు. మొదటి అంశానికి కుర్చీలు సగం ఖాళీ, ఉన్నవాళ్లు పలకరింపుల్లో ఉంటారు. నాట్యం తెలిసిన మనిషి ఆ గందరగోళాన్ని తట్టుకోగలదు, పసివాళ్లు తట్టుకోలేరు. అందుకే మొదట పిన్నిగారి అమ్మాయి, పదిహేనేళ్లది, ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది, ఆమె గణపతి ప్రార్థన. రెండోది కుర్రవాళ్లు ఆరుగురి వేగమైన పాట. ఆ పాటకు జనం ఫోన్లు పట్టుకుని వేదిక దగ్గరికి వస్తారు. వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లకముందే మూడోది పిల్లలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రార్థన చేసే అమ్మాయి కుర్రవాళ్ల పాటలో కూడా ఉంటానంది. కూచిపూడి ఆహార్యం, గజ్జెలు, జడ, అలంకారం అన్నీ విప్పి మామూలు లంగాఓణీలోకి రావడానికి నా అనుభవంలో ఇరవై నిమిషాలకు తగ్గదు. కనుక ఆమె రెండో అంశంలో ఉండకూడదు. భోజనాల తర్వాత వచ్చే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పాటలో పెట్టాను. మామూలు బట్టలు మార్చుకోవాల్సిన మనిషికి రెండు అంశాలకు మధ్య కనీసం రెండు అంశాల ఎడం ఉండాలి. ఓణీ మాత్రం మారిస్తే ఒక్కటి చాలు. పన్నెండు అంశాలకు ఎవరెవరు ఉన్నారో పేర్లు వరుసగా రాసుకుని, ఒకే పేరు ఎక్కడెక్కడ వస్తోందో గీతలు గీస్తే ఇలాంటివన్నీ పది నిమిషాల్లో బయటపడతాయి. ఈ ఇంట్లో మూడు బయటపడ్డాయి.

పిల్లల తర్వాత నాలుగోది అమ్మమ్మగారు. ఇక్కడ అసలు ఆలోచన ఆవిడ దగ్గరే దొరికింది. మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ నాతో, "నాకు డాన్సులు రావమ్మా. పాడమంటే అప్పగింతల పాట పాడతాను" అన్నారు. ఆ పాట ఎంత బాగా పాడారంటే గదిలో ఉన్న పెళ్లికూతురి తల్లి కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయారు. ఆ పాట సంగీత్‌లో పెడితే తర్వాతి అరగంట ఎవరూ ఆడలేరు. పాట మంచిది కాకపోవడం వల్ల కాదు, వేళ అది కాకపోవడం వల్ల. ఆవిడకు అదే చెప్పాను: "అమ్మమ్మగారూ, ఇది అప్పగింతల రోజున మీరే పాడాలి, ఇంకెవరూ పాడకూడదు. సంగీత్‌కు మీ పెళ్లిలో నలుగు పెట్టినప్పుడు పాడిన పాట ఏదైనా ఉందా?" కాసేపు ఆలోచించి, "మా అత్తయ్య పాడేది" అని మొదలుపెట్టారు. నాలుగు చరణాలు. వియ్యపురాలిని ఆటపట్టించే చరణం కూడా ఒకటుంది.

మన ఇళ్లలో సంగీత్ అన్న పేరు ఉత్తరాది నుంచి వచ్చినదే కానీ, పెళ్లికి ముందు ఆడవాళ్లు కూర్చుని పాడుకోవడం మనకు కొత్త కాదు. నలుగు పాటలు, బంతులాట పాటలు, వియ్యాలవారి మీద ఎత్తిపొడుపు పాటలు, ఇవన్నీ పెద్దవాళ్ల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అడిగేవాళ్లు లేక బయటికి రావడం లేదు. ప్రతి ఇంట్లోనూ నేను మొదట ఈ ప్రశ్నే అడుగుతాను, సినిమా పాట ఏది కావాలని అడగను.

పిల్లల పాట ముగియగానే వాళ్లు దిగరు. వేదిక మధ్యలో కుర్చీ, దాని చుట్టూ దిండ్లు. పిల్లలు అక్కడే కూర్చుంటారు, అమ్మమ్మగారు వాళ్ల మధ్యకు వస్తారు. నలుగు పాట పాడుతుంటే పిల్లలు పక్కనున్న పళ్లెంలోంచి పసుపు తీసి పెళ్లికూతురి చేతులకు రాస్తారు. దీంతో పిల్లలకు దిగే హడావుడి లేదు, ఆవిడకు ఒంటరిగా నిలబడే భయం లేదు, మధ్యలో వ్యాఖ్యాత మాట్లాడాల్సిన పని లేదు. రెండు అంశాలు కలిసి ఏడు నిమిషాలు. మూడు నిమిషాలు మిగిలాయి.

ఆవిడ వేదిక ఎక్కడం మీద ఒక ఆదివారమంతా పని చేశాం. మెట్లకు పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు. మోకాలికి శస్త్రచికిత్స జరిగిన మనిషికి అది ఎక్కువ. వేదిక వెనక వైపు, తెరచాటున, చక్రాల బల్ల కోసం వేసే ఏటవాలు పలక ఉంది. దాని మీదుగా ఆవిడను పిల్లల పాట మొదలయ్యేలోపే పైకి తీసుకొచ్చి తెర పక్కన కూర్చోబెట్టాలని నిర్ణయించాం. మైకు చేతికివ్వలేదు. పెద్దవాళ్ల చేయి ఒక నిమిషానికే కిందికి జారుతుంది, రెండో చరణం ఎవరికీ వినిపించదు. బట్టకు తగిలించే చిన్న మైకు కూడా వద్దు, పట్టుచీర గరగర, మెడలో గొలుసు తగిలిన చప్పుడు పెద్దగా వస్తుంది. కుర్చీ ముందు పొట్టి స్టాండు మీద మైకు, గడ్డానికి జానెడు దూరంలో.

తర్వాత ఐదోది అబ్బాయి తరఫు పిన్నులు, అత్తల కోలాటం, పదిమంది. ఆరోది అమ్మాయి మేనమామల పాట. అబ్బాయివాళ్ల అంశం ఒక్కటైనా భోజనాలకు ముందే ఉండాలని పట్టుబట్టాను. వాళ్లవన్నీ రెండో భాగంలోకి వెళితే పెళ్లి మాటల్లో అది మిగిలిపోతుంది.

ఏడోది తాతయ్యగారి పద్యం. రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు, చిన్నప్పుడు ఊళ్లో పౌరాణిక నాటకాలు వేశారు. 82 ఏళ్ల గొంతు, కానీ రాగం ఎత్తుకుంటే ఇప్పటికీ గది నిండుతుంది. ఆయన కాలంలో నాలుగు శ్రుతిలో పాడేవారట. ఇప్పుడు రెండున సుఖంగా ఉంది. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్‌ను రెండుకు పెట్టి స్పీకరుకు కలిపాం, అంతకు మించి ఏ వాద్యమూ లేదు. పద్యానికి వెనక నుంచి తాళం వేసిన ట్రాక్ పెట్టే ప్రయత్నం ఎవరూ చేయకండి. పద్యం తాళానికి లొంగదు, పాడేవాడి ఊపిరికి లొంగుతుంది.

అందుకే పద్యం ఎంతసేపో చెప్పలేం. సాధనలో నాలుగు నిమిషాలు పట్టింది. జనం ముందు ఆయన రాగం ఎంత తీస్తారో, ఎవరైనా "వన్స్‌మోర్" అంటే ఏమవుతుందో ఆయనకే తెలియదు. ఇలాంటి అంశం ఎక్కడ పెట్టాలి? వెనకాల మరో అంశం వాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడి లేని చోట. అంటే సరిగ్గా విరామానికి ముందు. ఆయన ఎంత పాడినా తినేది భోజనాల సమయం, మరొకరి పాట కాదు. ఇన్సులిన్ వేళ, పద్యం వేళ, భోజనాల వేళ మూడూ ఒకచోట కలిశాయి. షీటు మీద ఆయనకు 8 గంటల 25 నిమిషాలు రాసి, పక్కన పది నిమిషాలు ఖాళీ వదిలాను.

భోజనాల తర్వాతి వరుస గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎనిమిదోది ఇరువైపుల తల్లిదండ్రులు. వాళ్లు ముందెందుకు రాకూడదంటే, అతిథులు వచ్చేవరకు వాళ్ల చోటు గేటు దగ్గర. తర్వాత అమ్మాయి స్నేహితులు, అబ్బాయి స్నేహితులు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు, పన్నెండోది వధూవరులు. ఆపై అందరూ. పాటలన్నీ విడివిడి ఫైళ్లుగా, ముందు అంకెతో పేరు పెట్టి ఇచ్చాను: `03_pillalu.mp3`, `04_nalugu.mp3` అని. వరుస మారితే డీజే అంకె చెప్పగానే వెతుక్కోకుండా తీయాలి. పాత పాటల రికార్డింగు మెల్లగా, కొత్తవాటిది గట్టిగా ఉంటుంది. అన్నిటినీ ఒక స్థాయికి తెచ్చాను, లేకపోతే పిల్లల పాట గొణిగినట్టు, దాని ముందు పాట అరిచినట్టు ఉంటుంది. తల్లిదండ్రుల పాట వేగం కొంచెం తగ్గించాను, నూటికి ఎనిమిది వంతులు. పదికి మించి తగ్గిస్తే గాయకుడి గొంతు సాగినట్టు వినిపిస్తుంది. ఆ పాట ముందు నాలుగు మెల్లని తట్లు కూడా చేర్చాను. యాభై దాటినవాళ్లకు పాట ఉన్నట్టుండి మొదలైతే మొదటి అడుగు పోతుంది, ఒకటి పోతే మిగతావి వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంత పకడ్బందీగా కట్టిన వరుస ఆ రాత్రి మొదటి పావుగంటలోనే కదిలింది. అబ్బాయివాళ్ల బస్సు సుచిత్ర కూడలి దగ్గర వాహనాల రద్దీలో నిలిచిపోయింది. ఏడున్నరకు ఫోను చేస్తే ఇంకా అరగంట అన్నారు. ఆరుగురు పిల్లల్లో ఇద్దరు ఆ బస్సులోనే ఉన్నారు, కోలాటం వాళ్లందరూ అందులోనే.

నా ముందు రెండు దారులున్నాయి. నలుగురు పిల్లలతో వేళకు కానిచ్చేయడం, లేదా ఆగడం. పిల్లల కళ్లు చూస్తే కానిచ్చేయాలనిపించింది. మూడున్నర ఏళ్ల పాప అప్పటికే చెవి లాక్కుంటోంది. నిద్ర వస్తోందనడానికి గుర్తు అది. కానీ ఇద్దరు మనవలు బస్సు దిగేసరికి వాళ్ల పాట అయిపోయిందంటే అబ్బాయి నానమ్మకు ఏమనిపిస్తుంది? ఆగాను. అయితే ఖాళీగా ఆగలేదు. 7:50కి ప్రార్థన, ఆ వెంటనే కుర్రవాళ్ల పాట, ఆరో స్థానంలో ఉన్న మేనమామలను మూడుకు తెచ్చాను. వాళ్లు అమ్మాయి తరఫు, బట్టలు మార్చుకునే పని లేదు, పిలవగానే వస్తారు. వరుస కట్టేటప్పుడే ప్రతి వైపు నుంచి ఇలా ఎటైనా జరపగలిగే అంశం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఈ ఇంట్లో అది మేనమామలే.

పిల్లల విషయంలో సాయపడింది మరొకటి. వాళ్లకు ఆరున్నరకే ఇడ్లీ, పెరుగన్నం పెట్టించాను, మిఠాయి ముట్టనివ్వలేదు. జరీ లంగాలు, షేర్వాణీలు పాటకు పది నిమిషాల ముందు దాకా వేయలేదు, నూలు బట్టల్లోనే ఆడుకున్నారు. జరీ గుచ్చుకున్న పిల్ల అరగంటలో అలిసిపోతుంది.

8:12కి బస్సు వచ్చింది. అందులోని ఇద్దరు పిల్లలు దారంతా నిద్రపోయారట, తేటగా ఉన్నారు. మా నలుగురే వాడిపోయి ఉన్నారు. మూడున్నర ఏళ్ల పాప తండ్రి భుజం మీద నిద్రలోకి జారింది. తండ్రిని అలాగే వేదిక మీదికి రమ్మన్నాను. పాప భుజం మీద నిద్రపోతుండగా ఆయన వెనక వరుసలో ఊగుతూ నిలబడ్డారు, ముందు ఐదుగురు ఆడారు. లెక్కలో లేని స్థానం కాబట్టి ఎక్కడా ఖాళీ కనిపించలేదు.

అమ్మమ్మగారు తెర పక్కన అప్పటికి ఇరవై నిమిషాలుగా కూర్చుని ఉన్నారు. నేను శాలువా కప్పుతుంటే, "పిల్లలది అయిందా? నేను ఎప్పుడైనా పాడతాలే" అన్నారు. పాడారు. వియ్యపురాలి చరణం వచ్చినప్పుడు అబ్బాయి నానమ్మ మొదటి వరుసలోంచే లేచి తనకు తెలిసిన జవాబు చరణం పాడటం మొదలుపెట్టారు. అది మా షీటులో లేదు. మైకు లేదు, అయినా అందరికీ వినిపించింది, ఎందుకంటే అప్పటికి ఎవరూ మాట్లాడటం లేదు. ఇద్దరూ మూడు చరణాలు ఎదురెదురుగా పాడారు. నాలుగు నిమిషాలు ఎక్కువైంది. ఆ నాలుగు నిమిషాలు నేను ఎవరి దగ్గర నుంచైనా తీసుకోవడానికి సిద్ధమే.

కోలాటానికి మరో చిక్కు. జ్వరంతో ఒకావిడ రాలేదు, పదిమంది తొమ్మిదయ్యారు. కోలాటంలో కోలకు కోల తగలాలంటే జతలు కావాలి, బేసి సంఖ్య వస్తే ఒకరి కోల గాలిలోనే ఉండిపోతుంది. తొమ్మిదో ఆవిడకు తాళాలిచ్చి వలయం మధ్యలో నిలబెట్టాం. పాట చెప్పేవాళ్లు మధ్యలో నిలబడటం కోలాటంలో ఎప్పటినుంచో ఉన్నదే, కాబట్టి అది సర్దుబాటులా కనిపించలేదు.

తాతయ్యగారి పద్యం 8:40కి మొదలైంది, అనుకున్నదానికంటే పావుగంట ఆలస్యం. ఆయనకు ఎనిమిదిన్నరకే రెండు బిస్కట్లు ఇచ్చి, ఇన్సులిన్ మాత్రం పళ్లెం ఎదుటికి వచ్చాకే అని వాళ్ల అబ్బాయి నిర్ణయించారు, వాళ్ల డాక్టరు ముందే చెప్పిన పద్ధతి అది. నేను వదిలింది పది నిమిషాలు. ఆయన పదకొండు పాడారు, ఒక వన్స్‌మోర్‌తో సహా. 8:52కు ఆయన ముందు పళ్లెం ఉంది.

అప్పటికి షీటు కంటే 17 నిమిషాలు వెనకబడ్డాం. భోజనాల విరామాన్ని 25 నుంచి 18 నిమిషాలకు కుదించాను, ఆ సమయంలోనే తెర మీద విదేశాల బంధువుల వీడియో వేయించాను. వధూవరుల ప్రశ్నల ఆట పూర్తిగా తీసేశాను. అది మనుషుల అంశం కాదు, వ్యాఖ్యాత అంశం. పోతే ఎవరి మనసూ నొచ్చుకోదు. ఏది ముందు కోయాలో రాత్రి ఆలోచించడానికి సమయం ఉండదు, షీటు వెనక ముందే క్రమంగా రాసుకోవాలి: మొదట ఆట, తర్వాత వీడియో, ఆ తర్వాత స్నేహితుల పాటలో రెండో సగం. నేను రెండోదాకా పోనవసరం రాలేదు. వధూవరుల పాట 9:36కు అయింది, అందరూ కలిసి ఆడటం 9:56 దాకా సాగింది. సౌండ్ మేమే ఆపాం.

పొరపాట్లు రెండు జరిగాయి, రెండూ నావే. మొదటిది, పెళ్లికూతురి తల్లి తన పాటలో రెండో చరణం మొత్తం మర్చిపోయి నిలబడిపోయారు. భర్త ఆమె చేయి పట్టుకుని తిప్పుతూ నెట్టుకొచ్చారు. ఆవిడ పొద్దున కాఫీ తర్వాత ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. పిల్లలకు ఇడ్లీ పెట్టించాను, తాతయ్యగారి మందుల వేళ చూశాను, ఇంటి ఇల్లాలి కడుపు గురించి ఎవరినీ అడగలేదు. ఇప్పుడు నా షీటులో ఎనిమిదో అంశం పక్కన "తల్లికి మజ్జిగ, 8:45" అని ఉంటుంది, తెచ్చి ఇచ్చే మనిషి పేరుతో సహా.

రెండోది వేదిక వెనక ఉన్న ఎల్‌ఈడీ తెర. అమ్మమ్మగారు తెర పక్కన కూర్చున్న ఇరవై నిమిషాలూ ఆ వెలుగు నేరుగా ఆవిడ కంటి మీద పడింది. శుక్లాలకు ఆపరేషన్ అయిన కళ్లు. పాడేటప్పుడు ఆవిడ కళ్లు మూసుకుని పాడారు. చూసినవాళ్లు భక్తిగా పాడారనుకున్నారు. కిందికి దిగాక, "ఆ వెలుగుకు కళ్లు తెరవలేకపోయానమ్మా, పిల్లల మొహాలు చూడలేదు" అన్నారు. పాట జరిగేటప్పుడు తెర మీద పసుపు రంగు పూలు నిండు వెలుగులో వేశారు, దాన్ని సగానికి తగ్గించమని నేను చెప్పి ఉండాలి. వీడియో తీసినవాళ్లను అడిగి, పిల్లలు పసుపు రాస్తున్న ఆ ఏడు నిమిషాలు మాత్రం విడిగా తీసి, వాళ్ల ఇంటి టీవీలో పెట్టి చూపించమని మేనమామగారికి పంపాను. అప్పగింతల రోజు ఉదయం, ఆవిడ పాట పాడటానికి ముందు, కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని రెండుసార్లు చూశారని ఆయన చెప్పారు.